రబ్బరు బ్యాండ్లు, నీళ్ల సీసాలతో పిచ్, తీవ్రత పాఠం: తికమక లేకుండా ఎలా చేయాలి

సీసాలో నీళ్లు పెరిగితే పిచ్ పెరుగుతుందా, తగ్గుతుందా? ఈ పాఠం చేసే టీచర్లు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. ఒక చోట పెరుగుతుందని, ఇంకో చోట తగ్గుతుందని చదివి టెన్షన్ పడుతుంటారు. రెండూ నిజమే. సీసాను తట్టారా, ఊదారా అన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. రబ్బరు బ్యాండ్‌లోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. బ్యాండ్‌ని ఎంత లాగినా పిచ్ అనుకున్నంత పెరగదు. పిల్లలు దాన్ని కనిపెడతారు, మన దగ్గర జవాబు ఉండదు.

ఈ రెండు చోట్లా తడబడకుండా, పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలతో పాఠం నడిపే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. సిద్ధాంతం రెండు మాటల్లో సరిపోతుంది. కంపించే వస్తువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి పిచ్ ఉంటుంది, అంటే శబ్దం ఎంత కీచుగా వినిపిస్తుందన్నది. ఎంత వెడల్పుగా ఊగుతుందో దాన్ని బట్టి తీవ్రత ఉంటుంది, అంటే ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది. పిల్లలు రెంటికీ "సౌండ్ పెరిగింది" అనేస్తారు. అందుకే ప్రతి ప్రయోగం తర్వాత రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: "కీచుగా మారిందా, బొంగురుగా మారిందా?", "గట్టిగా ఉందా, మెల్లగా ఉందా?"

కావలసినవి

- ఒకే పొడవున్న రబ్బరు బ్యాండ్లు: సన్నవి (2 మి.మీ. వెడల్పు) కొన్ని, వెడల్పాటివి (6 మి.మీ.) కొన్ని. తెగిపోతుంటాయి కాబట్టి రెండు మూడు ఎక్కువే ఉంచుకోండి.
- మూత తీసిన గట్టి డబ్బా, స్టీలుదైనా మందపాటి ప్లాస్టిక్‌దైనా. అట్టపెట్టె వద్దు. బ్యాండ్ బిగింపుకు అది లోపలికి వంగుతుంది, రెండో బ్యాండ్ వేయగానే మొదటిది వదులై పిచ్ మారిపోతుంది.
- గుండ్రటి పెన్సిళ్లు మూడు, స్కేలు, కత్తెర, దారం.
- బరువుగా వేలాడదీయడానికి చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి.
- ఒకేలాంటి గాజు సీసాలు నాలుగు. మెడ సన్నగా ఉండాలి. వెడల్పు మూతి జాడీలు తట్టడానికి పనికొస్తాయి కానీ ఊదితే పలకవు.
- మి.లీ. గుర్తులున్న కొలపాత్ర, ఒక చెక్క గరిటె.
- వీలైతే హెర్ట్జ్‌లు చూపించే ట్యూనర్ యాప్ ఉన్న ఫోన్. లేకపోయినా పాఠం ఆగదు.

రెండు జాగ్రత్తలు. బ్యాండ్ మీటేటప్పుడు ముఖం దానికి దగ్గరగా పెట్టనివ్వకండి, కళ్లద్దాలు ఉంటే పెట్టించండి. గాజు సీసాల్ని స్టీలు గరిటెతో కొట్టనివ్వకండి, చెక్కదే వాడండి.

మొదటి భాగం: తీవ్రత

తీవ్రతతోనే మొదలుపెట్టండి. పిచ్ మారకుండా తీవ్రత ఒక్కటే మార్చడం సులువు. ఆ తేడా ముందే చెవికి పట్టుబడితే తర్వాత పిచ్ దగ్గర గందరగోళం తగ్గుతుంది.

1. డబ్బా చుట్టూ సన్న బ్యాండ్ ఒకటి వేయండి. పై పోగు డబ్బా ఖాళీ మీదుగా, రెండు అంచుల మధ్య తగలకుండా ఉండాలి. మీటితే శుభ్రంగా మోగాలి. జర్రుమంటే బ్యాండ్ మెలిపడిందని అర్థం, తీసి సరిచేయండి.

2. బ్యాండ్ పక్కన స్కేలు నిలబెట్టి, సరిగ్గా నడిమధ్యన 5 మి.మీ. పైకి లాగి వదలండి. తర్వాత 10 మి.మీ. లాగి వదలండి. రెండోది గట్టిగా వినిపిస్తుంది, పిచ్ అదే ఉంటుంది. బ్యాండ్ ఊగే వెడల్పు పెరగడం కంటికి కూడా కనిపిస్తుంది.

3. ఇప్పుడు అదే బ్యాండ్‌ని డబ్బా మీంచి తీసి, ఇద్దరు పిల్లల వేళ్ల మధ్య అంతే పొడవుకు లాగి పట్టించి, అంతే లాగి మీటండి. శబ్దం చాలా మెల్లగా వస్తుంది. బ్యాండ్ చాలా సన్నగా ఉండటంతో ఒంటరిగా గాలిని పెద్దగా కదిలించలేదు. డబ్బా గోడలు దానితో పాటు కంపించినప్పుడే గట్టిగా వినిపిస్తుంది. పిచ్ మాత్రం దాదాపు అదే.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, ఉత్సాహంగా రెండు మూడు సెంటీమీటర్లు లాగి వదలడం. అంత లాగితే ఆ క్షణానికి బ్యాండ్ బిగింపు కూడా పెరుగుతుంది, శబ్దం మొదట కాస్త కీచుగా మొదలై కిందికి జారుతుంది. అప్పుడు "గట్టిగా మీటితే పిచ్ కూడా పెరుగుతుంది" అని పిల్లలు రాసుకుంటారు. వాళ్ల చెవి తప్పు చెప్పలేదు, ప్రయోగమే రెండింటినీ మార్చింది. 10 మి.మీ. దాటనివ్వకండి.

డెసిబెల్ యాప్‌తో కొలవాలనుకుంటే ఫోన్‌ని డబ్బా నుంచి 30 సెం.మీ. దూరంలో పెట్టి, పాఠం అయ్యేదాకా కదపకండి. యాప్ చూపించే అంకెను పట్టించుకోకుండా రెండు మీటుల మధ్య తేడా చూడండి. ఊగే వెడల్పు రెట్టింపైతే లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ పెరగాలి. నాలుగో, ఎనిమిదో వచ్చినా కంగారుపడొద్దు. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, చేత్తో మీటుతూ అంతకన్నా కచ్చితంగా రావడం కష్టం. తేడా అసలు కనిపించకపోతే మాత్రం ఫ్యాన్ ఆపి మళ్లీ చూడండి.

రెండో భాగం: బ్యాండ్‌తో పిచ్

పిచ్‌ని మార్చేవి మూడు: పోగు పొడవు, బిగింపు, బరువు. చిక్కేమిటంటే బ్యాండ్‌ని చేత్తో లాగితే మూడూ ఒకేసారి మారతాయి. బిగింపు పెరుగుతుంది, అది పిచ్‌ని పెంచుతుంది. సాగిన కొద్దీ పోగు సన్నబడి సెంటీమీటరుకు బరువు తగ్గుతుంది, అదీ పెంచుతుంది. కానీ పొడవు కూడా పెరుగుతుంది, అది తగ్గిస్తుంది. ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి.

ఎంతవరకు అంటే, మామూలుగా 8 సెం.మీ. ఉన్న బ్యాండ్‌ని 16 సెం.మీ.కి లాగి మీటి, తర్వాత 24 సెం.మీ.కి లాగి మీటితే, లెక్క ప్రకారం పిచ్ సుమారు 15 శాతమే పెరుగుతుంది. సరిగమల్లో చెప్పాలంటే "స" నుంచి "గ" దాకా కూడా పోదు. "ఎక్కువ లాగితే బాగా కీచుగా వస్తుంది" అని ముందే చెప్పేసిన టీచరు ఇక్కడ ఇరుకున పడతారు. కాబట్టి ఒక్కొక్కటే మార్చాలి.

4. పొడవు. డబ్బా మీద బ్యాండ్ అలాగే ఉంచి, పై పోగు కింద ఒక పెన్సిల్‌ని డబ్బా అంచుల మీద అడ్డంగా పెట్టండి. పోగు పెన్సిల్‌కి ఆనాలి కానీ మరీ పైకి లేవకూడదు, లేస్తే బిగింపు మారుతుంది. పెన్సిల్ దొర్లకుండా ఒకరు పట్టుకోవాలి. నడిమధ్యన పెట్టి ఒక వైపు మీటితే పిచ్ రెట్టింపవుతుంది, అంటే "స" పై స్థాయి "స" అవుతుంది. పెన్సిల్ సరిగ్గా మధ్యలో ఉందో లేదో తేల్చుకోవడానికి స్కేలు అక్కర్లేదు. రెండు వైపులా మీటి చూడండి, ఒకే పిచ్ వస్తే మధ్యలో ఉన్నట్టు. తర్వాత పెన్సిల్‌ని మెల్లగా ఒక పక్కకి జరుపుతూ మీటించండి. పొట్టి వైపు కీచుగా, పొడుగు వైపు బొంగురుగా మారుతుంది.

5. బిగింపు. సన్న బ్యాండ్ ఒకటి కత్తిరించి ఒంటి పోగుగా చేయండి. ఒక కొసను దారంతో బల్ల మీద కదలని దేనికైనా కట్టండి. రెండో కొసకు దారం కట్టి, బల్ల అంచు మీదుగా కిందికి వదిలి ప్లాస్టిక్ సీసా వేలాడదీయండి. దారం అంచుకి రాసుకోకుండా అక్కడ ఒక పెన్సిల్‌ని టేపుతో అతికించండి. బల్ల మీద పోగు కింద రెండు పెన్సిళ్లను 10 సెం.మీ. దూరంలో వంతెనల్లా పెట్టండి. ఇక పోగు ఎంత సాగినా మోగేది ఆ 10 సెం.మీ. మాత్రమే. సీసాలో 100 మి.లీ. నీళ్లు పోసి మీటండి, తర్వాత 200 మి.లీ. చేసి మీటండి. ఈసారి పిచ్ స్పష్టంగా పెరుగుతుంది.

నీళ్లు పోసిన ప్రతిసారీ పోగును వంతెనల మీంచి ఒకసారి ఎత్తి వదలండి. రబ్బరు పెన్సిల్‌కి పట్టేసుకుంటుంది. ఎత్తకపోతే అదనపు బరువు అవతల వైపునే ఆగిపోయి, మధ్య భాగం పాత బిగింపుతోనే మోగుతుంది. "బరువు పెంచినా ఏమీ మారలేదు" అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే.

6. మందం. "లావు బ్యాండ్ బొంగురుగా, సన్న బ్యాండ్ కీచుగా" అని అందరం చెప్తాం. కానీ ఒకే పొడవున్న లావు, సన్న బ్యాండ్లు రెండింటినీ డబ్బా మీద పక్కపక్కన వేసి మీటితే చాలాసార్లు దాదాపు ఒకే పిచ్ వస్తుంది! మూడింతలు వెడల్పున్న బ్యాండ్ మూడింతలు బరువుగా ఉంటుంది నిజమే. కానీ దాన్ని అంతే పొడవుకు లాగాలంటే మూడింతల బలం కావాలి, అంటే బిగింపూ మూడింతలే. రెండూ సరికి సరి.

కాబట్టి మందం తేడా చూపించాలంటే బిగింపు సమానంగా ఉండాలి. అయిదో మెట్టులోని ఏర్పాటులో సన్న పోగు తీసి, అలాగే కత్తిరించిన వెడల్పాటి పోగు కట్టండి. అదే 200 మి.లీ. నీళ్లు, అవే 10 సెం.మీ. వంతెనలు. ఇప్పుడు లావు పోగు చాలా బొంగురుగా మోగుతుంది. పలికీ పలకనట్టు ఉంటే చెవిని వంతెనల కింది బల్లకు ఆనించి వినమనండి, బాగా తెలుస్తుంది.

సమయం తక్కువుంటే అయిదు, ఆరు మెట్లు వదిలేసి నాలుగోదే చేయండి. కానీ అప్పుడు లావు, సన్న బ్యాండ్ల గురించి మాట ఎత్తకండి.

మూడో భాగం: సీసాలు

7. ముందు సీసా ఎంత పడుతుందో కొలవండి. మెడ మొదలయ్యే చోటిదాకా నీళ్లు నింపి, వాటిని కొలపాత్రలోకి వంచితే చాలు. ఇక్కడ లెక్క కోసం 600 మి.లీ. అనుకుందాం.

8. నాలుగు సీసాల్లో వరుసగా 0, 215, 335, 450 మి.లీ. నీళ్లు పోయండి. ఒకదానికొకటి తగలకుండా పలచటి గుడ్డ మీద నిలబెట్టండి.

9. ఊదడం. కింది పెదవిని సీసా మూతి అంచుకు ఆనించి, గాలి మూతికి అడ్డంగా అవతలి అంచుకు తగిలేలా మెల్లగా ఊదాలి. సీసా లోపలికి ఊదితే "హుఁ" అనే గాలి చప్పుడే వస్తుంది, స్వరం రాదు. రాకపోతే సీసాను కొద్దిగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ ప్రయత్నించమనండి. వరసగా గట్టిగా ఊదితే తల తిరుగుతుంది, మధ్యలో ఆపించండి. ఒకే సీసాను పదిమంది ఊదే కన్నా, ఒక్కో సీసాకు ఒక్కరిని పెట్టడం మేలు.

ఇక్కడ కంపించేది లోపలి గాలి. నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది, పిచ్ పెరుగుతుంది. ఖాళీ సీసా అన్నిటికన్నా బొంగురు, 450 మి.లీ. ఉన్నది అన్నిటికన్నా కీచు.

పై కొలతలు ఎక్కడివంటే, సన్నమెడ సీసాలో పిచ్ గాలి పరిమాణపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. గాలి సగమైతే పిచ్ రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లే. రెట్టింపు కావాలంటే గాలి నాలుగో వంతుకు తగ్గాలి, అంటే 600లో 150 మిగలాలి, నీళ్లు 450. అలాగే "గ"కి పిచ్ 1.25 రెట్లు కావాలి. 600ని 1.25తో రెండుసార్లు భాగిస్తే 384 మి.లీ. గాలి, నీళ్లు దాదాపు 215. "ప"కి 1.5తో రెండుసార్లు భాగిస్తే 267, నీళ్లు దాదాపు 335. అలా నాలుగు సీసాలూ స, గ, ప, పై స పలుకుతాయి. మీ సీసా 600 కాకపోతే మీ అంకెతో ఇదే లెక్క వేయండి. నీళ్లు మెడ దగ్గరికి వచ్చేశాక ఈ లెక్క పనిచేయదు, అందుకే నాలుగో సీసా తర్వాత ఇంకా పోయమనను.

అపస్వరం వస్తే కొన్ని చుక్కలు పోస్తూ, తీస్తూ చెవితో సరిచేయించండి. ఎక్కువ నీళ్లున్న సీసాలో చిన్న మార్పుకే పిచ్ బాగా మారుతుంది, అక్కడ చెంచాతో పోయాలి.

10. తట్టడం. సీసాలు అవే, నీళ్లూ అవే. చెక్క గరిటెతో ప్రతి సీసాను ఒకే ఎత్తులో, ఒకే బలంతో తట్టండి. వరుస తిరగబడుతుంది: ఖాళీ సీసా కీచుగా, నిండుగా ఉన్నది బొంగురుగా. ఇప్పుడు కంపించేది గాజు, దాన్ని అంటుకున్న నీళ్లు. నీళ్లు పెరిగితే ఊగాల్సిన బరువు పెరుగుతుంది, ఊపు నెమ్మదిస్తుంది.

తట్టడానికి ముందు పిల్లల చేత ఊహించి రాయించండి. ఇప్పుడే ఊది వచ్చారు కాబట్టి చాలామంది ఊదిన వరుసే రాస్తారు. తట్టాక వాళ్లే "ఇదేంటి, రివర్స్‌లో వస్తోంది!" అంటారు. అప్పుడు జవాబు చెప్పేయకుండా "ఇందాక కంపించింది ఏది, ఇప్పుడు కంపించేది ఏది?" అని అడగండి. ఈ పాఠంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే.

తట్టినప్పుడు స, గ, ప వరుస ఆశించకండి, ఆ కొలతలు ఊదడానికే. అడుగున కొద్దిగా నీళ్లున్న సీసాకూ ఖాళీ సీసాకూ తేడా అంతగా తెలియకపోవచ్చు, నిండే కొద్దీ తేడా పెద్దదవుతుంది. శబ్దం మోగకుండా "టక్" మని ఆగిపోతే ఎవరో సీసాను పట్టుకున్నారనో, కింద గుడ్డ మందంగా ఉందనో అర్థం. ప్లాస్టిక్ సీసాలు తట్టడానికి పనికిరావు, ఊదడానికి మాత్రం గట్టి ప్లాస్టిక్ అయితే పర్వాలేదు.

11. సీసాలతోనే తీవ్రత. ఒకే సీసాను మెల్లగా, గట్టిగా తట్టించండి. పిచ్ మారదు, తీవ్రత మారుతుంది. ఊదడంలో కూడా అంతే, కానీ మరీ గట్టిగా ఊదితే స్వరం ఒక్కసారిగా కీచు స్వరానికి ఎగిరిపోతుంది. మెల్లగా పెంచుకుంటూ పోయి, అలా ఎగిరే ముందు ఆపమనండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఫోన్ ఉంటే ఊదిన సీసాల హెర్ట్జ్‌లు రాసుకోండి. ఖాళీ సీసాకు వచ్చిన అంకెను మిగతావాటితో పోల్చాలి. ఉదాహరణకు ఖాళీ సీసా 140 హెర్ట్జ్ చూపిస్తే, రెండోది 175, మూడోది 210, నాలుగోది 280 దగ్గర ఉండాలి. పది హెర్ట్జ్‌లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అంకె సరిగ్గా రెట్టింపో సగమో చూపిస్తే ప్రయోగం తప్పనుకోకండి, యాప్ ఒక్కోసారి స్థాయిని పొరబడుతుంది. చెవితో పక్క సీసాతో పోల్చి చూడండి. బ్యాండ్ మీటుకు అంకె నిలకడగా రాకపోతే ఫోన్‌ని డబ్బాకి ఆనించి, శబ్దం ఆగిపోయేలోపు రెండు మూడుసార్లు వరసగా మీటండి.

ఫోన్ లేకపోతే ఒక పిల్లవాడిని అటు తిరగమని, ఏవో రెండు సీసాలు ఊదించి "రెండోది కీచుగా ఉందా, బొంగురుగా ఉందా?" అని అడగండి. ఊదేవాళ్లు ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా ఊదాలి. గట్టిగా వినిపించిన ప్రతిదాన్నీ కీచు అంటున్నాడంటే మొదటి భాగం మళ్లీ చేయాలి.

పాఠం అర్థమైందో లేదో తెలియడానికి నేను అడిగే ప్రశ్న ఇంకొకటుంది. కుళాయి కింద సీసా పెట్టి నీళ్లు పడుతుంటే, నిండే కొద్దీ ఆ చప్పుడు ఎటు పోతుంది, ఎందుకు? ముందు చెప్పించి, తర్వాత పట్టి వినిపించండి. చప్పుడు కీచుగా మారుతూ పోతుంది. "నీళ్లు పెరిగాయి కాబట్టి" అంటే సగం మార్కులే. తట్టినప్పుడు నీళ్లు పెరిగితే తగ్గింది కదా అని తిరిగి అడగండి. "లోపల మోగేది గాలి, దానికి చోటు తగ్గుతోంది" అన్నవాళ్లకే పూర్తి మార్కులు.